సార్, శుక్రవారంతో నా పని అయిపోతుంది

సార్, నమస్తే.

హెచ్‌ఆర్ వాళ్లకంటే ముందు మీకే చెప్పాను కాబట్టి ఇది మీకు కొత్త వార్తేమీ కాదు. శుక్రవారం సాయంత్రం అందరి ముందూ మాట్లాడమంటే నేను నాలుగు ముక్కలు చెప్పి కూర్చుంటాను, మీరేమో "సరే సరే, ఇక పని చూడండి" అని అందర్నీ పంపించేస్తారు. అందుకే చెప్పాల్సిందంతా ఇలా రాసి పెడుతున్నాను. పొడుగు మెయిళ్లంటే మీకు చిరాకు, సగంలో ఆపేసి "ఇంతకీ విషయమేంటి" అని ఫోన్ చేస్తారని తెలుసు. విషయం థాంక్స్ చెప్పడమే సార్. కానీ ఊరికే థాంక్స్ అంటే "దేనికి?" అంటారు, దేనికో చెప్తే "అది అందరూ చేసేదే" అంటారు. అందరూ చెయ్యరు. ఈసారికి చివరిదాకా చదవండి.

కాలేజీ నుంచి వచ్చేటప్పటికి నాకు లెక్కలు వచ్చు, సైట్ రాదు. బీముకి ఎంత స్టీలు కావాలో కాగితం మీద కట్టగలను గానీ, కట్టేసిన స్టీలు ముందు నిలబెట్టి ఇది సరిగ్గా ఉందా అంటే నోరు పెగిలేది కాదు. "అమ్మాయి కదా, ఆఫీసులో కూర్చోబెట్టి బిల్లులు చూపిద్దాం" అని మీటింగులో ఒకాయన అన్నాడని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. మీరు ఆయనకి జవాబు కూడా ఇవ్వలేదట. మర్నాడు పొద్దున్నే నన్ను రెండో బ్లాకు స్లాబు మీదికి పంపారు. ఇంకో సంగతి, ఇది నాకు తెలుసని మీకు తెలియదనుకుంటా. సైట్‌లో ఆడవాళ్ల టాయిలెట్ తలుపు, తాళం, నీళ్ల పైపు స్టోర్ నుంచి ఇష్యూ అయింది నేను చేరడానికి ముందు వారంలోనే. స్టాకు లెక్క చూస్తుంటే తేదీ కంటబడింది, కింద మీ సంతకం ఉంది. ఎవరూ నాకు చెప్పలేదు, మీరైతే అసలే చెప్పలేదు. పనికొచ్చే ఆడవాళ్లంతా అప్పట్నుంచి దాన్నే వాడుకుంటున్నారు. అది ముందునుంచీ ఉండాల్సిందే అనుకోండి, అయినా కట్టించింది మీరే.

మీ దగ్గర పని నేర్చుకోవడం సుఖంగా ఉండేదని మాత్రం అబద్ధం చెప్పను. డ్రాయింగ్ పట్టుకుని పరిగెత్తుకొచ్చి "సార్, ఇక్కడేం చెయ్యాలి" అంటే మొదటి మాట ఎప్పుడూ ఒకటే, "నువ్వేమనుకుంటున్నావ్?" ఏమీ అనుకోకుండా వచ్చానని తెలిసిపోతే వెనక్కి పంపేవారు. ఏదో ఒకటి అనుకుని వస్తే మాత్రం, అది తప్పయినా సరే, కుర్చీ లాగి కూర్చోమని, అది ఎందుకు తప్పో అరగంట చెప్పేవారు. ఆ అరగంట ఎంత విలువైందో అప్పట్లో నాకు తెలియలేదు, బయట మీ కోసం కాంట్రాక్టర్లు ఎదురుచూస్తున్నారన్న టెన్షనే ఎక్కువగా ఉండేది.

"టేప్ పెట్టి చూశావా, చూసినట్టు అనిపించిందా?" ఈ మాట ఇప్పుడు నేను కొత్తగా చేరిన కుర్రాళ్లని అడుగుతున్నాను, వాళ్లు కూడా నేను చూసినట్టే కింద నేల చూస్తున్నారు. రాడ్ బెండింగ్ మేస్త్రీ దగ్గర రోజంతా నిలబడి "వాదించకుండా చూసి రా" అని పంపారు చూడండి, ఆ రోజు నాకు అవమానంగానే అనిపించింది, డిగ్రీ చేసి వచ్చి ఇదేంటని. కాలమ్‌కీ బీముకీ మధ్య జాయింట్‌లో రాడ్లన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి వైబ్రేటర్ సూది దిగే సందు కూడా ఉండదన్న సంగతి ఏ పుస్తకంలోనూ నాకు అంత బాగా అర్థం కాలేదు. ఆయన వేలితో చూపించి "కంకర ఎట్లా పోతుందమ్మా ఇందులోంచి?" అన్నాడు. సెంట్రింగ్ విప్పాక కనబడే హనీకోంబ్‌కి కారణం అక్కడ పుడుతుందని ఆ ఒక్క ప్రశ్నతో తెలిసింది. సాయంత్రం మీకు చెబితే తల ఊపి, "రేపట్నుంచి ఆ జాయింట్లు ముందు చూడు" అన్నారు, అంతే.

కాంక్రీటులో నీళ్ల సంగతి సరేసరి. మిక్సర్ లారీ వచ్చి కాస్త గట్టిగా ఉందనగానే పైపు పట్టుకొచ్చేవాళ్లు, "కొంచెమే మేడమ్" అనేవాళ్లు. స్లంప్ కోన్ పెట్టి, మూడు పొరలుగా నింపి, పొరకి 25 పోట్లు పొడిచి, కోన్ లేపి ఎంత జారిందో కొలవకుండా ఒక్క చుక్క పడటానికి వీల్లేదని మీరన్నప్పుడు మనసులో విసుక్కున్నాను. ఎండలో లారీ ఆగి ఉంటే, పైన పాతిక మంది ఎదురుచూస్తుంటే, ఆ కోన్ ముందు మోకాళ్ల మీద కూర్చోవడం ఎంత ఇబ్బందో మీకు తెలుసు. "నీళ్లు పోసింది ఇవాళ ఎవడికీ కనపడదు, 28వ రోజున క్యూబుకి కనపడుతుంది" అన్నారు. తర్వాత ల్యాబ్‌లో క్యూబ్ ప్రెస్‌లో పగులుతున్నప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొచ్చేది.

ఇక అసలు విషయం, ఇది రాయడానికే ఈ మెయిల్ మొదలుపెట్టాను. ఐదో అంతస్తు స్లాబు. సాయంత్రమైంది, పంపు రెడీ, రెండు లారీలు గేటు దగ్గర డ్రమ్ము తిప్పుకుంటూ నిలబడి ఉన్నాయి. పోర్ కార్డు మీద సెంట్రింగ్, ఎలక్ట్రికల్, లెవెల్ అన్నిటికీ సంతకాలు పడ్డాయి, స్టీలు గడి ఒక్కటే ఖాళీ, అది నాది. మధ్యాహ్నం కరెంటు పైపులు వేసేవాళ్లు బాల్కనీ మీద అటూ ఇటూ తిరిగి పై స్టీలుని తొక్కేశారు, దాన్ని ఎత్తి పట్టుకోవడానికి కింద పెట్టిన రాడ్డు చెయిర్లు కొన్ని వంగిపోయాయి, కొన్ని అసలు లేనేలేవు. 150 మిల్లీమీటర్ల బాల్కనీ స్లాబులో పై రాడ్డు 40 మిల్లీమీటర్లు కిందికి దిగిపోతే దాని బలంలో దాదాపు మూడో వంతు పోయినట్టే, బయటికి వేలాడే స్లాబుని పట్టుకునేదే ఆ పై స్టీలు. నేను సంతకం పెట్టనన్నాను. క్లయింటు తరఫు ఆయన గొంతు పెంచాడు, మా కాంట్రాక్టర్ బతిమాలాడు, హెడ్డాఫీసు నుంచి ఫోన్ కూడా వచ్చింది. నా చేతులు వణుకుతున్నాయని ఎవరికీ కనపడకూడదని కార్డుని గట్టిగా పట్టుకుని నిలబడ్డాను.

మీరు మెట్లెక్కి వచ్చారు. నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. బాల్కనీ అంచుకెళ్లి, కింద కూర్చుని, టేపు పెట్టి నాలుగైదు చోట్ల కొలిచారు. లేచి, క్లయింటు తరఫు ఆయనతో "ఆవిడ సంతకం పెట్టలేదు కదండీ, అయితే పోర్ లేదు" అన్నారు. ఆ లారీల్లో సరుకుని కొత్త బ్లాకు పునాదుల కింద బెడ్‌కి మళ్లించారు. ఆ రాత్రి హెడ్డాఫీసుతో మాట్లాడింది మీరు, మాట పడింది కూడా మీరే. మర్నాడు చెయిర్లన్నీ మార్పించి, లెవెల్ చూసి నేను సంతకం పెట్టాకే కాంక్రీటు పడింది. 'నా టీమ్', 'నేను వెనకేసుకొచ్చాను' లాంటి మాట మీ నోట ఎన్నడూ వినలేదు. నేను కూడా దాని గురించి మీతో ఇప్పటిదాకా మాట్లాడలేదు, మాట్లాడితే ఏడుస్తానేమోనని.

ఆరోజు మీరొచ్చి "పర్లేదులే, పెట్టెయ్" అని ఉంటే పెట్టేసేదాన్ని సార్. పెట్టేసి, ఇక ఆ కార్డంటే ఒక కాగితమేనని అనుకుంటూ మిగతా ఉద్యోగమంతా చేసేదాన్ని. అలా చేస్తున్నవాళ్లు మనకి తెలుసు, చెడ్డవాళ్లేం కాదు, మొదటిసారి వాళ్ల పక్కన ఎవరూ నిలబడలేదు అంతే.

ఇంత పొగిడాక ఒకటి రెండు నిష్ఠూరాలు కూడా చెప్పాలి. పొద్దున ఆరింటికి ఫోన్లు చెయ్యడం మానెయ్యండి, కొత్తవాళ్లు భయపడిపోతున్నారు, ఆదివారం మరీను. బాగా చేస్తే బాగా చేశావని నోరు తెరిచి చెప్పండి. నాకు మీ మౌనం అర్థం కావడానికి ఏడాది పైనే పట్టింది, ఆ కుర్రాళ్లలో ఒకడు ఈలోపే మానేసేలా ఉన్నాడు, మంచి చెయ్యి ఉన్నవాడు. ఇంకా, మోకాలు నొప్పి పెట్టుకుని ప్రతి అంతస్తూ మీరే ఎక్కక్కర్లేదు. ఎక్కుతారని తెలుసు, అయినా చెప్తున్నాను.

వెళ్తున్నానని చెప్పినప్పుడు మీరు జీతం ఎంతని అడగలేదు, ఆగమనీ అనలేదు. "అక్కడ డిజైన్ ఎవరు చెక్ చేస్తారు? సైట్‌లో నీకు మాట ఉంటుందా?" అని రెండు అడిగి, బ్రిడ్జి పనంటే "వెళ్లు, ఇక్కడుంటే ఇంకో పదేళ్లు ఇవే స్లాబులు వేస్తావ్" అన్నారు. నిజం చెప్పాలంటే కొంచెం బాధేసింది, ఒక్కసారైనా ఉండమంటారేమో అనుకున్నాను. ఆ రాత్రి ఆలోచిస్తే, ఇంటర్వ్యూలో వాళ్లు నన్ను ఏ ప్రశ్నలు అడిగారో ఇన్నాళ్లూ మీరు అడుగుతూ వచ్చినవీ అవే అని తట్టింది, నేను తడుముకోకుండా చెప్పగలిగింది కూడా అందుకే.

హ్యాండోవర్ అంతా అయిపోయింది. క్యూబ్ రిజిస్టర్ అప్‌డేట్ చేశాను, ఎనిమిదో అంతస్తు 28 రోజుల క్యూబులు ఇంకా ట్యాంకులో ఉన్నాయి, ఎప్పుడు తియ్యాలో మొదటి పేజీలోనే రాసిపెట్టాను. పాత రివిజన్ డ్రాయింగులన్నిటి మీదా రద్దు ముద్ర వేసి వేరే ఫైల్లో పెట్టాను, ఎవరూ పొరపాటున తియ్యకుండా. మెట్ల దగ్గర బీము లెవెల్ మీద ఆర్కిటెక్టుకి పంపిన ప్రశ్నకి జవాబు రాలేదు, అది వచ్చేదాకా అక్కడ సెంట్రింగ్ మొదలుపెట్టనివ్వకండి. మీరిచ్చిన ఐదు మీటర్ల టేపు మాత్రం స్టోర్‌కి అప్పగించడం లేదు, అది కంపెనీది కాదు, మీదని స్టోర్ ఆయన చెప్పాడు. తీసుకెళ్తున్నాను, అడగొద్దు.

అక్కడ నాకు పోస్ట్ టెన్షనింగ్ పని ఇస్తారట. జాక్ మీద ప్రెషరు, కేబుల్ సాగిన పొడవు రెండూ లెక్కతో సరిపోవాలి, సరిపోకపోతే ఆపేసి కారణం వెతకాలి. మొదటి కేబుల్ లాగిన రోజు రెండు అంకెలూ మీకు పంపిస్తాను, ఏమనుకుంటున్నానో కూడా రాసి పంపిస్తాను. నా నంబరు మారదు. ఆరింటికే చేసినా ఎత్తుతాను.

ఉంటాను సార్.

మీ సైట్ ఇంజినీర్