విషయం: ఇన్వెంటరీ కంట్రోలర్ పోస్టు – అప్లై చేసే ముందు ఒక్క పూట పని దగ్గరుండి చూడడానికి అనుమతి కోసం

వేర్‌హౌస్ మేనేజర్ గారికి,

నమస్కారం.

మీ వేర్‌హౌస్‌లో ఇన్వెంటరీ కంట్రోలర్ పోస్టు ఖాళీ ఉందని, ఈ నెల 24 లోపు అప్లై చేయాలని మీ సంస్థ సైట్‌లో చూశాను. అప్లై చేసే ముందు ఒక చిన్న విన్నపం. ఈ పని చేస్తున్నవాళ్ల పక్కన ఒక పూట నిలబడి, పని ఎలా నడుస్తుందో చూసే వీలు కల్పిస్తారా?

నా గురించి క్లుప్తంగా: నేను ఒక హోల్‌సేల్ పంపిణీ సంస్థలో అకౌంట్స్ సెక్షన్‌లో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. వ్యాపారం వేరు, మీకు పోటీ సంస్థ కాదు. నెలాఖరున స్టాక్ లెక్క, పుస్తకం లెక్క సరిచూసే బాధ్యత నాది. అంటే మీరు తీసుకునే మనిషి చేసే పని ఫలితం ఇన్నాళ్లూ నా టేబుల్ మీదికి వస్తోంది. పని జరిగే చోట మాత్రం నేను ఎప్పుడూ లేను.

అక్కడికే వెళ్లాలని ఎందుకు అనిపించిందో చెప్పడానికి ఒక ఉదాహరణ. ఒక సరుకు ర్యాక్ నిండా ఉన్నా సిస్టమ్‌లో స్టాక్ లేదని చూపిస్తూ, ఆర్డర్లు వెనక్కి పోతున్నాయి. కాగితాలన్నీ తిరగేస్తే తేలిందేమిటంటే, సరుకు దిగినప్పుడు 12 పెట్టెలను 12 పీసులుగా ఎంట్రీ చేశారు. పెట్టెకు 24 పీసులు. అలా 276 పీసులు లెక్కలోకే రాలేదు. నేను దాన్ని పట్టుకున్నది నెలాఖరున. సరుకు దించుకునే చోట లెక్క చూసే మనిషైతే ఆ పూటే పట్టుకునేవారు కదా అనిపించింది. అప్పటి నుంచి మనసు ఈ పని మీదే ఉంది.

అయితే ఎక్సెల్ షీట్‌లో తేడా పట్టుకోవడం వేరు, షిఫ్టు నడుస్తుండగా పట్టుకోవడం వేరు. లారీ దిగుతూ ఉంటుంది, పికింగ్ ఆగదు, ఆ మధ్యలోనే కౌంటింగ్ చేయాలి. ఆ వేగం నాకు సరిపడుతుందో లేదో కూర్చున్నచోట ఊహించుకోలేను. ముఖ్యంగా చూడాలనుకుంటున్నది ఒకటుంది: కౌంట్‌లో తేడా వచ్చినప్పుడు మీ దగ్గర ముందు సిస్టమ్‌లో అంకె సరిచేస్తారా, లేక కారణం దొరికేదాకా ఆ బిన్‌ను హోల్డ్‌లో పెడతారా? ఆ నిర్ణయం కంట్రోలర్‌దా, షిఫ్ట్ సూపర్‌వైజర్‌దా? ఈ ఉద్యోగంలో అసలు టెన్షన్ అక్కడే ఉంటుందని నా అంచనా. ఇవి ఇంటర్వ్యూలోనూ అడగొచ్చు, కానీ కళ్లతో చూస్తే నాకు ఇంకా బాగా అర్థమవుతుంది.

ఈ నెల 16 మంగళవారం గానీ, 18 గురువారం గానీ నేను సెలవు పెట్టుకోగలను. ఉదయం షిఫ్ట్ మారే సమయానికి వచ్చి, మధ్యాహ్నం భోజనం వేళకు వెళ్లిపోతాను. నేను చూడడానికి మాత్రమే వస్తాను. స్కానర్ ముట్టుకోను, సిస్టమ్‌లో లాగిన్ అడగను, పనిలో ఉన్నవాళ్లను మాటల్లో పెట్టను. ప్రశ్నలు రాసుకుని, వాళ్లకు ఖాళీ దొరికినప్పుడు అడుగుతాను. ఫోన్ గేటు దగ్గరే ఇచ్చేస్తాను. గోప్యత పత్రం మీద సంతకం చేయాలంటే చేస్తాను. సేఫ్టీ షూస్ నావి నేను తెచ్చుకుంటాను, జాకెట్, హెల్మెట్ మాత్రం మీ దగ్గర తీసుకోవాల్సి ఉంటుంది. చూడడం కాదు, ఒక రోజు పని చేయించి చూస్తామంటే దానికీ సిద్ధమే. కాకపోతే అప్పుడు జీతం, ఇన్సూరెన్స్ సంగతి హెచ్‌ఆర్ వాళ్లతో ముందే మాట్లాడుకుంటే ఇద్దరికీ ఇబ్బంది ఉండదు.

బయటివాళ్లను ఫ్లోర్ మీదికి రానివ్వకూడదన్న నియమం ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి. ఆ పని చేస్తున్నవారితో ఇరవై నిమిషాలు ఫోన్‌లో మాట్లాడే అవకాశం ఇచ్చినా చాలు. ఇది నా అప్లికేషన్‌కు సిఫారసు కావాలని అడగడం కాదు. వచ్చినా రాకపోయినా, అప్లై చేస్తే అందరితో పాటు సైట్‌లోనే చేస్తాను. చూశాక ఇది నాకు తగిన పని కాదనిపిస్తే, 24 లోపే మీకు ఆ మాట రాస్తాను.

మరొక్క మాట. నేను ఉద్యోగం మారే ఆలోచనలో ఉన్నట్టు మా ఆఫీసులో ఇంకా ఎవరికీ తెలియదు. దయచేసి ఈ విషయం మీ దగ్గరే ఉంచండి. ఈ మెయిల్‌కే జవాబు ఇస్తే సాయంత్రం ఆరు తర్వాత చూసుకుంటాను. సెలవు చెప్పుకోవాలి కాబట్టి, వీలైతే 12వ తేదీ లోపు ఒక్క మాట తెలియజేయగలరు.

ఇట్లు,
మాధవి
సీనియర్ అకౌంట్స్ అసిస్టెంట్