శనివారం సెషన్‌కి ముందు మీకు చెప్పాలనుకున్నవి

నమస్తే మేడమ్,

నా పేరు పద్మజ. శనివారం 11 గంటలకు కౌన్సెలింగ్‌కి అపాయింట్‌మెంట్ ఇచ్చారు. మీరు పంపిన ఫారం నింపాను కానీ "ప్రధాన సమస్య" అన్నచోట రెండు లైన్లే ఉంటే "నిద్ర పట్టదు, టెన్షన్" అని రాసి ఊరుకున్నాను. అసలు సంగతి ఇక్కడ రాస్తున్నాను. ఎదురుగా కూర్చుంటే నాకు మాట సరిగ్గా రాదు, ఊరికే నవ్వేస్తుంటాను కూడా. నవ్వుతోంది కదా, బాగానే ఉందిలే అనుకోకండి.

మేం ఇంతకుముందు వెంకటాపురంలో ఉండేవాళ్లం, గోపాలపట్నం దగ్గర. వైజాగ్ వాళ్లకి ఆ పేరు చెబితే చాలు, మిగతాది వాళ్లే అందుకుంటారు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో గ్యాస్ లీకైనప్పుడు నేను, మా ఆయన, మా అబ్బాయి, మా అత్తగారు ఇంట్లోనే ఉన్నాం. నలుగురం బయటపడ్డాం.

ఆ రాత్రి గురించి మీరు అడిగితే చెబుతాను. కానీ దాంతో మొదలుపెట్టొద్దని నా మనవి. ఆస్పత్రిలో చెప్పాను, బంధువులకి చెప్పాను, టీవీ వాళ్లకి చెప్పాను, పేర్లు రాసుకోడానికి వచ్చినవాళ్లకి చెప్పాను. చెప్పీ చెప్పీ అది అరిగిపోయింది. వినేవాళ్లు ఎక్కడ "అయ్యో" అంటారో కూడా నాకు తెలుసు. గొంతు వణక్కుండా మొత్తం చెప్పేయగలను. నేను వణికేది మిగతా రోజుల్లో.

మూడింటికల్లా మెలకువ వచ్చేస్తుంది. లేవగానే మంచం మీదే కూర్చుని గాలి వాసన చూస్తాను. తర్వాత కిటికీలు, సిలిండర్ రెగ్యులేటర్, ఆ తర్వాత అబ్బాయి గది. వాడు ఊపిరి పీలుస్తున్నాడో లేదో చూసుకుని వస్తాను. వాడికి 18 ఏళ్లు మేడమ్. గది తలుపు గడియ పెట్టుకోనివ్వను. ఒకసారి నేను వంగి చూస్తుంటే కళ్లు తెరిచి, "బతికే ఉన్నానమ్మా, పడుకో" అన్నాడు. విసుగ్గా కూడా అనలేదు, అలవాటైపోయినట్టు అన్నాడు. విసుక్కుని ఉంటే కాస్త నయంగా ఉండేదేమో.

పగలైతే వాసనలు. ఆ రోజు లీకైన గ్యాస్ స్టైరిన్, దానిది ఒకరకం తియ్యటి వాసన. పెయింటు, నెయిల్ పాలిష్, కొత్త ప్లాస్టిక్ బకెట్, ఇలా ఏది తగిలినా కడుపులో తిప్పేస్తుంది. మొన్నామధ్య కింది పోర్షన్ వాళ్లు గేటుకి రంగు వేయిస్తున్నారు. నాకా సంగతి తెలీదు. వాసన రాగానే పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే కట్టేసి, మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారి చెయ్యి పట్టుకుని రెండంతస్తులూ దింపేశాను. కింద పెయింటర్ కుర్రాడు బ్రష్ పట్టుకుని నిలబడి మమ్మల్నే చూస్తున్నాడు. "ఏమైందమ్మా?" అన్నాడు. కూరగాయల బండి కోసం వచ్చామని చెప్పాను. మా అత్తగారు ఏమీ అనలేదు కానీ సాయంత్రం దిష్టి తీశారు.

రెండో అంతస్తు అన్నాను కదా, దానికీ ఒక కారణం ఉంది. ఆ ఆవిరి గాలికన్నా బరువనీ, నేలకి దగ్గరగా పాకుతుందనీ తర్వాత ఎక్కడో చదివాను. ఇల్లు మారేటప్పుడు పైఅంతస్తే కావాలని పట్టుబట్టాను. మురళీనగర్‌లో దొరికింది. మా ఆయనకి మాత్రం గాలీ వెలుతురూ బాగుంటాయని చెప్పాను.

ఇన్నాళ్లూ నెట్టుకొచ్చి ఇప్పుడు మీ దగ్గరికి రావడానికి కారణం మా అబ్బాయి. వాడికి కాకినాడలో ఇంజినీరింగ్ సీటు వచ్చింది, హాస్టల్లో ఉండాలి. నేను మ్యాప్ తెరిచి, అక్కడి ఎరువుల ఫ్యాక్టరీలకీ హాస్టల్‌కీ ఎంత దూరమో కొలిచాను. వాడు చూసి నవ్వాడు. ఒక పక్క రిఫైనరీ, ఇంకో పక్క స్టీల్‌ప్లాంటు, పరవాడ వైపు ఫార్మా కంపెనీలు పెట్టుకుని కాకినాడకి భయపడతావేంటమ్మా అన్నాడు. నిజమే. కానీ ఇక్కడైతే రాత్రి లేచి చూసుకోగలను. ఆ మాటే అంటే వాడి నవ్వు ఆగిపోయింది. "నీ భయానికి నన్ను కాపలా పెట్టకమ్మా" అన్నాడు. వాడు వెళ్లాలి. వెళ్లేలోగా నేను కొంచెమైనా కుదుటపడాలి. వెళ్లాక రాత్రంతా వీడియో కాల్ ఆన్‌లో ఉంచమని అడిగే మనిషిని నేను. ఇప్పుడే చెబుతున్నాను.

ఒకటి మాత్రం ముందే అనుకోవాలి. నాది ఉత్త భయమని మీరంటే నేను ఒప్పుకోను. 12 మంది పోయారు. ఆ రోజే అర్ధరాత్రి మళ్లీ లీకవుతోందని వార్త పాకి జనం మళ్లీ రోడ్ల మీదికి వచ్చేశారు. జరగదు అనుకున్నది ఒకసారి జరిగాక, "ఇంకేం జరగదులే" అనే మాట నాకు ఎక్కదు. భయం పూర్తిగా పోవాలని నేను అడగట్లేదు. సిలిండర్ ఒకసారి చూసుకోవడం జాగ్రత్త. మళ్లీ మళ్లీ చూడటం, కన్నకొడుకుని పక్క ఊరు పంపలేకపోవడం జాగ్రత్త కాదు. ఆ గీత ఎక్కడుందో నాకు తెలియడం లేదు. అది మీతో కూర్చుని తేల్చుకోవాలి.

ఇంకోటి రాయడానికే సిగ్గుగా ఉంది. మా వీధిలో మనిషిని పోగొట్టుకున్న ఇల్లు ఉంది. వాళ్లు వాళ్ల పనులు వాళ్లు చేసుకుంటున్నారు. మేం బతికి బట్టకట్టాం, నాకెందుకీ గోల అనిపిస్తుంది. మా ఆయనతో ఎత్తితే "దేవుడి దయ వల్ల మనకేం కాలేదు కదా" అంటారు. మంచి మనసుతోనే అంటారు. కానీ ఆ మాట తర్వాత నేను ఇంకేం మాట్లాడాలి? "ఏం కాలేదు" అన్నదాని గురించి కూడా ఎప్పుడైనా మాట్లాడాలని ఉంది.

ఇంతవరకు చేసినవి: మా వీధి డాక్టరు గారు నిద్రమాత్ర రాస్తే కొన్నాళ్లు వేసుకుని మానేశాను. మాత్ర వేసుకుంటే నిద్ర పట్టేది, అదే భయం. మత్తులో ఉండగా వాసన వస్తే లేవలేనేమోనని. ఒక రాత్రి 14416, టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. ఒక అమ్మాయి తెలుగులో ఓపిగ్గా విని, దగ్గర్లో ఎవరినైనా నేరుగా కలవమంది. యూట్యూబ్‌లో చూసి కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చే వ్యాయామం కూడా చేశాను. అది నాకు పడదు మేడమ్. గట్టిగా గాలి పీల్చాలంటేనే నాకు భయం. మీరు అలాంటిది చేయించాలనుకుంటే వేరే దారి ఏదైనా చూడండి.

ఇక చిన్న విషయాలు. మా ఆయనకి మీ దగ్గరికి వస్తున్నట్టు తెలుసు. మా అత్తగారికి చెప్పలేదు. ఈ తరహా డాక్టరు అంటే ఆవిడకి చినవాల్తేరు మెంటల్ ఆస్పత్రి ఒక్కటే గుర్తొస్తుంది, ఇల్లంతా ఏడుపులు మొదలవుతాయి. అందుకని ఫోన్ చేయకుండా మెసేజ్ పెట్టండి. సెషన్ అంతా తెలుగులోనే జరగాలి. ఫారంలో ఇంగ్లీషు ప్రశ్నలు మా అబ్బాయి చేత చదివించుకున్నాను, అన్నీ వాడి ముందు చెప్పేవి కావు.

మద్దిలపాలెంలో బస్సు దిగి ఎంవీపీ కాలనీకి ఆటోలో వస్తాను, కాస్త ముందే ఉంటాను. మీ గదిలో రూమ్ ఫ్రెషనర్ గానీ అగరొత్తులు గానీ వాడుతుంటే ఆ పూటకి ఆపించగలరా? నేను తలుపుకి దగ్గరగా ఉన్న కుర్చీలో కూర్చుంటాను, ఏమీ అనుకోకండి. ఫీజు అక్కడికి వచ్చాక యూపీఐలో కట్టవచ్చా, ముందే పంపాలా అన్నది ఒక్కటి చెప్పండి.

ఉంటాను మేడమ్,
పద్మజ