p-n సంధి డయోడ్, రెక్టిఫయర్లు: మూడు దీర్ఘ సమాధానాలు

ప్రశ్న 1: n-రకం, p-రకం అర్ధవాహకాలను వివరించండి. ఘనపు మీటరుకు 5×10²¹ ఫాస్ఫరస్ పరమాణువులు కలిపిన సిలికాన్‌లో రంధ్రాల సాంద్రత ఎంత? (nᵢ = 1.5×10¹⁶ m⁻³)

శుద్ధ సిలికాన్‌లో ఒక ఎలక్ట్రాన్ బంధం తెంచుకుని బయటపడితే అక్కడ ఒక రంధ్రం మిగులుతుంది కాబట్టి రెండూ సమానమే, nₑ = nₕ = nᵢ. సిలికాన్ శక్తి అంతరం 1.1 eV కావడంతో గది ఉష్ణోగ్రత దగ్గర ఇలా విడిపోయేవి చాలా తక్కువ. అందుకే డోపింగ్ చేస్తాం.

ఫాస్ఫరస్ లాంటి పంచసంయోజక మాలిన్యం కలిపితే దాని నాలుగు ఎలక్ట్రాన్లు బంధాల్లో సర్దుకుంటాయి, అయిదోది కొద్దిపాటి శక్తికే విడిపోతుంది. ఇది n-రకం. బోరాన్ లాంటి త్రిసంయోజక మాలిన్యం కలిపితే ఒక బంధంలో ఎలక్ట్రాన్ తక్కువై రంధ్రం ఏర్పడుతుంది. ఇది p-రకం. n-రకానికి రుణావేశం ఉంటుందని రాస్తే మార్కు పోతుంది, పదార్థం మొత్తంగా తటస్థమే.

ఇచ్చిన సిలికాన్‌లో nₑ ≈ 5×10²¹ m⁻³. nₑnₕ = nᵢ² కనుక

nₕ = 2.25×10³² / 5×10²¹ = 4.5×10¹⁰ m⁻³

రంధ్రాలు 10¹⁶ స్థాయి నుంచి 10¹⁰ స్థాయికి పడిపోయాయి, ఎందుకంటే ఇన్ని ఎలక్ట్రాన్ల మధ్య రంధ్రం ఎక్కువసేపు ఖాళీగా మిగలదు.

ప్రశ్న 2: లేమి పొర ఎలా ఏర్పడుతుంది? పురోశక్మం, తిరోశక్మంలో డయోడ్ ఎలా పనిచేస్తుంది?

ఒకే స్ఫటికంలో p, n భాగాలు కలిసిన చోట గాఢత తేడా వల్ల ఎలక్ట్రాన్లు n నుంచి p కి, రంధ్రాలు p నుంచి n కి విసరణ చెందుతాయి. వెళ్లినవి అవతల కలిసిపోతాయి, కానీ వదిలివెళ్లిన అయాన్లు జాలకంలో బిగిసి ఉంటాయి కాబట్టి కదలలేవు. దాంతో సంధికి n వైపు ధనావేశం, p వైపు రుణావేశం పేరుకుని, n నుంచి p దిశగా విద్యుత్ క్షేత్రం వస్తుంది, అది మిగతా విసరణను అడ్డుకుంటూ డ్రిఫ్ట్ ప్రవాహాన్ని నడుపుతుంది. రెండు ప్రవాహాలూ సమానమయ్యాక నికర విద్యుత్ప్రవాహం సున్నా. స్వేచ్ఛా వాహకాలు లేని ఈ ప్రాంతమే లేమి పొర. దీని మందం 10⁻⁷ m, అవరోధ శక్మం 0.7 V అనుకుంటే లోపలి క్షేత్రం సుమారు 7×10⁶ V/m, అంత సన్నని పొర దారిని ఎందుకు మూసేయగలదో ఈ అంకె చూస్తే తెలుస్తుంది.

బ్యాటరీ ధన ధ్రువాన్ని p కి, రుణ ధ్రువాన్ని n కి కలిపితే పురోశక్మం. అవరోధం తగ్గుతుంది, పొర పలచబడుతుంది. సిలికాన్‌లో దాదాపు 0.7 V, జెర్మేనియంలో 0.3 V దాటాక ప్రవాహం ఒక్కసారిగా ఎగబాకుతుంది. వోల్టేజి 0.70 V నుంచి 0.75 V కి పెరిగినప్పుడు ప్రవాహం 12 mA నుంచి 22 mA అయితే గతిక నిరోధం 0.05/0.010 = 5 Ω.

తిరోశక్మంలో పొర వెడల్పవుతుంది, అల్పసంఖ్యాక వాహకాల వల్ల మైక్రోఆంపియర్లలోనే ప్రవాహం ఉంటుంది. 8 V దగ్గర 2 μA అంటే నిరోధం 4 MΩ. భంజన వోల్టేజి దాటితే మాత్రం ఈ ప్రవాహం హఠాత్తుగా పెరుగుతుంది. గ్రాఫ్ గీసేటప్పుడు ధన అక్షంపై mA, రుణ అక్షంపై μA అని వేర్వేరుగా రాయాలి.

ప్రశ్న 3: అర్ధతరంగ, పూర్ణతరంగ రెక్టిఫయర్లను పోల్చండి. శిఖర వోల్టేజి 12 V, పౌనఃపున్యం 50 Hz, భారం 1 kΩ, డయోడ్లు ఆదర్శమైనవి.

అర్ధతరంగ రెక్టిఫయర్‌లో ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ, ఒక డయోడ్, భార నిరోధం శ్రేణిలో ఉంటాయి. ధన అర్ధచక్రంలోనే డయోడ్ వాహకమవుతుంది, రెండో సగం వృథా. సగటు వోల్టేజి 12/π = 3.82 V, గరిష్ఠ దక్షత 40.6 శాతం.

పూర్ణతరంగంలో సెకండరీకి మధ్య ట్యాప్ ఉంటుంది, రెండు డయోడ్ల కాథోడ్లను కలిపి, ఆ బిందువుకూ మధ్య ట్యాప్‌కూ నడుమ భారం పెడతాం. ఒక సగంలో D₁, మరో సగంలో D₂ పనిచేస్తాయి, కానీ భారంలో ప్రవాహం రెండుసార్లూ ఒకే దిశలో పోతుంది. పటంలో బాణం గుర్తులు వేసేయండి, సగం సమాధానం అక్కడే ఉంది. మధ్య ట్యాప్ నుంచి ఒక్కో చివరకు శిఖరం 12 V కనుక సగటు 7.64 V, గరిష్ఠ దక్షత 81.2 శాతం, అలల పౌనఃపున్యం 100 Hz. అయితే వాహకం కాని డయోడ్ 24 V తిరోవోల్టేజిని తట్టుకోవాలి.

వచ్చేది ఏకదిశే గానీ స్థిరంగా ఉండదు. భారానికి సమాంతరంగా 100 μF కెపాసిటర్ పెడితే RC = 0.1 s, శిఖరాల మధ్య వ్యవధి 0.01 s మాత్రమే. కెపాసిటర్ పూర్తిగా ఖాళీ అయ్యేలోపే తర్వాతి శిఖరం వచ్చి మళ్లీ నింపేస్తుంది కాబట్టి వోల్టేజి 12 V నుంచి సుమారు 11 V వరకే దిగుతుంది.