భవిష్యత్కాల క్రియలతో ఖాళీలను పూరించండి: సింగపూర్ ప్రయాణం

(చెన్నై టీ నగర్‌లో ఇద్దరు స్నేహితురాళ్ల సంభాషణ. కుండలీకరణాల్లోని క్రియలకు భవిష్యత్కాల రూపాలు రాయండి.)

మాధవి: శైలజా, సంక్రాంతి వెళ్లాక మనిద్దరం సింగపూర్ (1) ______ (వెళ్లు) కదా, మరి వీసా దరఖాస్తు ఎవరు (2) ______ (పెట్టు)?

శైలజ: పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి కాబట్టి, ముందు నాది చూసుకుని, రేపే నేను ఏజెంటుతో (3) ______ (మాట్లాడు).

మాధవి: అర్ధరాత్రి విమానమెక్కితే ప్రయాణం దాదాపు నాలుగు గంటలు, అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు కనుక, ఉదయం ఆరున్నరకు (4) ______ (దిగు).

శైలజ: లిటిల్ ఇండియాలో ఇడ్లీలు దొరుకుతాయన్నా వినకుండా, అమ్మ పులిహోర కట్టి (5) ______ (ఇచ్చు)!

జవాబులు: 1. వెళ్తాం 2. పెడతారు 3. మాట్లాడతాను 4. దిగుతాం 5. ఇస్తుంది