‘హాయ్ సర్’కి నా జవాబు

నమస్తే అండీ,

సోమవారం రాత్రి పదకొండున్నరకి లింక్డ్‌ఇన్‌లో మీ "హాయ్ సర్" వచ్చింది. మంగళవారం పొద్దున "సర్" అని ఇంకొకటి, నిన్న మధ్యాహ్నం ఒట్టి ప్రశ్నార్థకం. మూడూ చూశాను. మొదటిదానికే "హాయ్, చెప్పండి" అని కొట్టబోయి ఆగాను. అలా అంటే మీరు "ఎలా ఉన్నారు సర్" అంటారు, బాగున్నానంటాను, మీరు అది మర్నాడెప్పుడో చూసుకుని "చిన్న హెల్ప్ కావాలి సర్" అంటారు. అసలు సంగతి దగ్గరికి వచ్చేసరికి ఆదివారం అవుతుంది. అందుకని ఇవాళ తీరిక చేసుకుని ఒకేసారి రాస్తున్నాను. కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక మాట. నేను సర్‌ని కాదు, మేడమ్‌ని. ప్రొఫైల్‌లో ఫొటో కూడా ఉంది. నొచ్చుకోలేదు లెండి. కానీ అది చదవగానే, ఈ రెండు ముక్కలే ఇంకో ముప్ఫై మందికీ వెళ్లి ఉంటాయనిపించింది. నిజమో కాదో మీకే తెలియాలి. అందుకున్న మిగతావాళ్లకి కూడా అలాగే అనిపించి ఊరుకుని ఉంటారు.

ముక్కూమొహం తెలియనివాళ్లకి రాయడం తప్పని మాత్రం అనుకోకండి. మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఉద్యోగం మారినవాళ్లని కలిసి, ఎవరి ద్వారా దొరికిందని అడిగి, 1973లో ఆ లెక్క ప్రచురించాడు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో, ఆ మనిషిని తరచూ కలుస్తామన్నవాళ్లు ఆరుగురికి ఒక్కరే. మిగతావాళ్లు ఎప్పుడో ఒకసారి కలుస్తామనో, కలవడమే అరుదనో చెప్పారు. ఆలోచిస్తే అందులో వింతేమీ లేదు. మనతో రోజూ తిరిగేవాళ్లకి మనకి తెలిసిన కబుర్లే తెలుస్తాయి. కొత్త కబురు దూరంనుంచే రావాలి. కాబట్టి నాకు రాయడం సరైన పనే. రాసినదాంట్లోనే ఏమీ లేదు.

మీ మొహమాటం నాకు అర్థమవుతుంది. చదువైపోయిన కొత్తలో నేనూ ఒక సీనియర్‌కి "గుడ్ ఈవినింగ్ సర్" అని పంపి, ఆయన పలికాక అడుగుదామని ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. పలకరించకుండా అడిగేస్తే ఏమనుకుంటారో అని భయం. నాలుగు రోజులకి "చెప్పమ్మా" అన్నారు. నేను అడగాలనుకున్న ఇంటర్వ్యూ ఆ ముందురోజే అయిపోయింది. ఆయన తప్పేముంది, నేను అడిగితే కదా! ఫోన్‌లో అయితే హలో అని ఆగాలి, అవతల మనిషి ఉన్నాడో లేదో తేలాలి. మెసేజ్‌కి ఆ పని లేదు. అవతలివాళ్లు నిద్రపోతున్నా అది అక్కడే ఉంటుంది, లేచాక చదువుకుంటారు. పలకరింపు వద్దని కాదు, దాని వెనకే విషయం కూడా రావాలి. మీరేమో తలుపు తట్టి పక్కకి తప్పుకున్నారు.

ఇక మీకేం కావాలో నేనే ఊహించాను. మీ ఫొటో చుట్టూ #OpenToWork అన్న పచ్చ రింగు ఉంది. మాన్యువల్ టెస్టింగ్‌లో రెండేళ్లు, పేమెంట్స్ యాప్ మీద. ఐదు నెలల కిందట ఆ ప్రాజెక్టు ఆగింది. ఈమధ్య సెలీనియం కోర్సు పూర్తిచేశారు. మా కంపెనీలో ఇప్పుడున్న టెస్టింగ్ పోస్టు ఒక్కటే, QA-2147. బహుశా దాని రెఫరల్ కోసమే అయ్యుంటుంది.

రెఫరల్ అంటే ఏం చేస్తామో చెప్తాను. లోపల మాకొక ఫారం ఉంటుంది. మీ పేరు, మెయిల్, జాబ్ నంబర్, రెజ్యూమే. అక్కడిదాకా సులువే. తర్వాత రెండు పెట్టెలు వస్తాయి: ఈ వ్యక్తి మీకెలా తెలుసు, ఈ పోస్టుకి ఎందుకు సరిపోతారు. వాటి కింద నా పేరు ఉంటుంది. "హాయ్ సర్ అని మెసేజ్ పెట్టారు" అని రాయలేను కదా. మీరు చెప్పిందే అక్కడ రాస్తాను, అంతకుమించి ఒక్క ముక్క కూడా కల్పించను. పరిచయం లేదన్న సంగతీ ఉన్నదున్నట్టు రాస్తాను. ఇంకోటి, రెఫరల్ వల్ల ఉద్యోగం రాదు. రిక్రూటర్ మీ రెజ్యూమే తెరిచి చూసే అవకాశం పెరుగుతుంది, అంతే. మా దగ్గర ఇంకో మెలిక కూడా ఉంది. మీరు మా కంపెనీ సైటులో ముందే అప్లై చేసి ఉంటే అదే మెయిల్‌తో ఆ ఫారం రెఫరల్ తీసుకోదు. అప్లై చేశారో లేదో చెప్పండి. (రెఫరల్ ఇప్పిస్తానని ఎవరైనా డబ్బడిగితే అక్కడితో మాట ఆపేయండి.)

మీ ప్రొఫైల్ పక్కన పెట్టుకుని, నాకు ఎలాంటి మెసేజ్ వస్తే వెంటనే జవాబిచ్చేదాన్నో నేనే రాసి చూశాను:

"నమస్తే మేడమ్. నేను రెండేళ్లు ఒక పేమెంట్స్ యాప్‌కి మాన్యువల్ టెస్టింగ్ చేశాను. ఐదు నెలల కిందట ప్రాజెక్టు ఆగిపోవడంతో ఉద్యోగం పోయింది. అప్పటినుంచి సెలీనియం, జావా నేర్చుకుని ఒక డెమో సైటుకి నలభై టెస్టు కేసులు ఆటోమేట్ చేశాను. మీ కంపెనీలో QA-2147 పోస్టు చూశాను, ఇంకా అప్లై చేయలేదు. రెఫర్ చేయడానికి వీలవుతుందా? రెజ్యూమే జతచేశాను. వీలుకాకపోతే ఆ మాట చెప్పినా చాలు."

చదవడానికి అర నిమిషం పట్టదు. నలభై అన్నది నేను వేసిన అంకె. మీరు చేసినవి పన్నెండైతే పన్నెండే రాయండి, ఇంటర్వ్యూలో అడిగేది వాటి గురించే. ఐదు నెలల ఖాళీని దాచకండి. ప్రాజెక్టులు ఆగిపోవడం మాకు కొత్తేమీ కాదు, దాచిన తేదీలు చూస్తేనే అనుమానం వస్తుంది. చివరి వాక్యం కూడా ఉంచండి. కాదనడానికి దారి వదిలితే అవతలివాళ్లకి టెన్షన్ ఉండదు, చిత్రంగా అప్పుడే చాలామంది సరేనంటారు. నేనైతే అంతే.

రెజ్యూమే పీడీఎఫ్‌గా జతచేయండి. పోయిన నెల ఒకబ్బాయి డ్రైవ్ లింక్ పంపాడు. తెరిస్తే Request access అని వచ్చింది. నొక్కాను. అతను అది చూసుకుని అనుమతి ఇచ్చేసరికి రెండు రోజులైంది, పోస్టు మూసేశారు. లింకే పంపాల్సి వస్తే Anyone with the link అని పెట్టి, వేరే ఫోన్‌లో ఒకసారి తెరిచి చూడండి. ఫైలుకి మీ పేరు పెట్టండి. నా డౌన్‌లోడ్స్‌లో ఇప్పటికే resume_final_new.pdf లు ఆరున్నాయి, ఏది ఎవరిదో నాకే తెలీదు.

QA-2147 వచ్చే మంగళవారం మూసేస్తున్నారు. ఆదివారం రాత్రిలోగా పైన అడిగినవి పంపితే సోమవారం పొద్దున ఆఫీసులో కూర్చోగానే ఫారం నింపేస్తాను, నింపినట్టు మీకు మెసేజ్ పెడతాను. ఆ తర్వాత రిక్రూటర్ పిలుస్తారా లేదా అన్నది నా చేతిలో ఉండదు. రెండు వారాలు చూసి నన్ను ఒకసారి అడగండి, ఏమీ అనుకోను.

ఒకవేళ మీరు రాసింది ఉద్యోగం కోసమే కాకపోతే, ఇదంతా వదిలేసి అదేమిటో రాయండి.