ల్యాబ్ రిపోర్ట్, ఫలితాల విభాగం: సముద్రపు నీటి పాళ్లు పెరిగితే పెసర వేరు ఎంత కురచబడుతుంది

ఎమ్మెస్సీ బోటనీ, మొక్కల శరీరధర్మ శాస్త్రం ప్రాక్టికల్, విశాఖపట్నం

3. ఫలితాలు

3.1 విశ్లేషణలోకి వచ్చినవి, రానివి

ఆర్కే బీచ్‌లో కురుసుర మ్యూజియం ఎదుట పట్టి వడగట్టిన సముద్రపు నీటి విద్యుత్ వాహకత 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర 50.4 dS/m. డిస్టిల్డ్ వాటర్ కలిపి పల్చన చేశాక 10 శాతం ద్రావణం 6.0 dS/m, 20 శాతం ద్రావణం 11.4 dS/m చూపాయి. రెండూ 50.4ను అదే పాళ్లలో భాగిస్తే వచ్చే 5.0, 10.1 కన్నా ఎక్కువే. ఉప్పునీటిని పల్చన చేసేకొద్దీ వాహకత అదే నిష్పత్తిలో తగ్గదు కాబట్టి దీన్ని కొలత లోపంగా తీసుకోలేదు.

ఒక్కో ద్రావణానికి 8 పెట్రీ డిష్‌లు, డిష్‌కు 25 పెసలు (ఎల్‌జీజీ 460) చొప్పున మొత్తం 24 డిష్‌లు పెట్టాం. 72 గంటలకు తెరిచేసరికి 20 శాతం గుంపులో ఒక డిష్‌లో సగానికి పైగా గింజలకు బూజు పట్టింది. అయిదో వంతు గింజలకు మించి బూజు పడితే ఆ డిష్‌ను తీసేయాలని పద్ధతుల విభాగంలో ముందే రాసుకున్నాం కాబట్టి దాన్ని పక్కన పెట్టాం. మిగిలినవి 23 డిష్‌లు, 575 గింజలు, వాటిలో మొలిచినవి 527.

విశ్లేషణలో ఒక పరిశీలన అంటే ఒక డిష్, ఒక మొలక కాదు. ఒకే డిష్‌లోని 25 గింజలు ఒకే ఫిల్టర్ పేపర్ మీద, ఒకే 8 మి.లీ. ద్రావణంలో పెరిగాయి, అందుచేత వాటిని స్వతంత్ర పరిశీలనలు అనలేం. 527 మొలకలనూ విడివిడిగా ఎక్కిస్తే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 20 బదులు 524కు చేరుతుంది, లేని ఖచ్చితత్వం ఉన్నట్టు కనిపిస్తుంది.

3.2 వేరు పొడవు

| సముద్రపు నీరు | డిష్‌లు | సగటు వేరు పొడవు (మి.మీ.) | ప్రామాణిక విచలనం | మొలిచినవి / వేసినవి |
|---|---|---|---|---|
| 0 శాతం | 8 | 39.85 | 2.22 | 192 / 200 |
| 10 శాతం | 8 | 35.85 | 2.43 | 188 / 200 |
| 20 శాతం | 7 | 25.50 | 2.40 | 147 / 175 |

పట్టిక 1. సగటు, విచలనం రెండూ డిష్ సగటుల మీద లెక్కించినవి. మొలవని గింజలను సగటులో కలపలేదు.

సముద్రపు నీటి పాళ్లను బట్టి వేరు పొడవు గణనీయంగా మారింది: వన్ వే అనోవా, F(2, 20) = 73.13, p < .001, η² = .88, ω² = .86. డిష్ సగటుల మధ్య కనిపించిన మొత్తం వ్యత్యాసంలో 88 శాతం ద్రావణం తేడాతో ముడిపడి ఉంది. చిన్న నమూనాల్లో η² కాస్త ఎక్కువ చెబుతుంది, అందుకే దాని పక్కన ω² కూడా ఇచ్చాం. మూడు జతల పోలికలకు ఉమ్మడి వర్గ దోషాన్ని (MS = 5.52) వాడి, బాన్‌ఫెరోని సవరణ చేశాం, కింది p విలువలు, ఇంటర్వెల్స్ సవరణ తర్వాతివి. 0 శాతంతో పోలిస్తే 10 శాతంలో వేరు 4.00 మి.మీ. తగ్గింది, 95% CI [0.93, 7.07], t(20) = 3.41, p = .008, g = 1.64. 10 నుంచి 20 శాతానికి మరో 10.35 మి.మీ. తగ్గింది, 95% CI [7.17, 13.53], t(20) = 8.51, p < .001, g = 4.24. 0, 20 శాతాల మధ్య తేడా 14.35 మి.మీ., 95% CI [11.17, 17.53], t(20) = 11.81, p < .001, g = 5.88. అంటే మంచినీటి వేరు పొడవులో 10 శాతం ద్రావణం దగ్గర సుమారు పదో వంతు, 20 శాతం దగ్గర 36 శాతం పోయింది.

పై పేరాలోని F విలువ ఈ రెండు వరుసల నుంచి వచ్చింది:

```
            Df Sum Sq Mean Sq F value   Pr(>F)
uppu         2  806.7   403.4   73.13 6.35e-10
Residuals   20  110.3     5.5
```

`6.35e-10` అంటే దశాంశ బిందువు తర్వాత తొమ్మిది సున్నాలు, ఆపైన 635. ఇంత చిన్న విలువను అంకెలతో సహా రాస్తే లేని నమ్మకం కలుగుతుంది, p = .000 అని రాస్తే సున్నా అని అబద్ధం చెప్పినట్టవుతుంది. అందుకే p < .001 దగ్గర ఆపాం. .001 కన్నా పెద్ద p విలువలన్నీ ఉన్నవి ఉన్నట్టుగా ఇచ్చాం.

g విలువలు 4, 5 దాటడం చూసి కంగారు పడనక్కర్లేదు, మురిసిపోనూ అక్కర్లేదు. ఇక్కడ భాజకంలో ఉన్న 2.35 మి.మీ. డిష్ సగటుల మధ్య విచలనం. విడి మొలకల మధ్య ఉండే హెచ్చుతగ్గులు 25 గింజల సగటులో చాలావరకు కొట్టుకుపోయాయి. విడి మొలకలతో చేసిన ప్రయోగాల్లోని g విలువల పక్కన వీటిని పెట్టి పోల్చకూడదు. పోలికకు పనికొచ్చేది మిల్లీమీటర్లలో ఉన్న తేడాయే.

తగ్గుదల సరళరేఖలో లేదు. ఉప్పునీటి మొదటి పది పాళ్లకు 4 మి.మీ. పోతే, రెండో పది పాళ్లకు అంతకు రెండున్నర రెట్లు పోయింది. ఈ వంపు డిష్‌ల హెచ్చుతగ్గుల వల్ల కనిపించిందా అన్నది చూడటానికి 1, −2, 1 గుణకాలతో ముందే అనుకున్న కాంట్రాస్ట్ వేశాం. అంచనా −6.35 మి.మీ., 95% CI [−10.64, −2.06], t(20) = −3.09, p = .006, పార్షియల్ η² = .32. వంపు ఉన్నట్టే. అది ఎక్కడ మొదలవుతుందో మాత్రం మూడు పాళ్లతో చెప్పలేం. 10, 20 మధ్య గీత గీసి 15 శాతం విలువ చదవడానికి ఈ డేటా ఒప్పుకోదు. వేరు ఎదగకపోవడం నీటిని పీల్చుకోలేకపోవడం వల్లా, సోడియం, క్లోరైడ్ విషప్రభావం వల్లా అన్నదీ ఇక్కడ తేలదు. దానికి అదే ఆస్మాటిక్ పీడనంతో ఉప్పు లేని మానిటాల్ డిష్‌లు కావాలి. ఆ చర్చ 4వ విభాగంలో ఉంది.

ఒక జాగ్రత్త. వేరు పొడవు మొలిచిన గింజలకే ఉంది. 20 శాతంలో బలహీనమైన గింజలు అసలు మొలవలేదు కాబట్టి, మిగిలినవాటి సగటు ఉప్పు చేసిన నష్టాన్ని తక్కువ చేసి చూపి ఉండొచ్చు. మొలవని గింజకు సున్నా వేసి మళ్లీ లెక్కిస్తే సగటులు 38.3, 33.7, 21.4 మి.మీ. అవుతాయి. వరుస మారలేదు, 0, 20 శాతాల మధ్య తేడా 14.35 నుంచి దాదాపు 16.9కు పెరిగింది.

3.3 అనోవా షరతులు

మూడు గుంపుల విచలనాలు దగ్గర దగ్గరగా ఉన్నాయి, లెవీన్ పరీక్ష F(2, 20) = 0.09, p = .92. గుంపుకు ఏడెనిమిది డిష్‌లతో ఆ పరీక్షకు పెద్ద బలం లేదు. పట్టిక 1లో 2.22, 2.43, 2.40 అని కళ్లకు కనిపించడమే ఎక్కువ భరోసా. అవశేషాల క్యూ-క్యూ ప్లాట్‌లో గీతకు దూరంగా పోయిన బిందువులేమీ లేవు.

బూజు పట్టిన డిష్‌లో కొలవగలిగిన వేర్ల సగటు 19.4 మి.మీ. దాన్ని కూడా కలిపితే F(2, 21) = 72.09, p < .001, η² = .87. తీసేసినా ఉంచినా తీర్పు ఒకటే.

3.4 మొలక శాతం

వేరు కనీసం 2 మి.మీ. బయటికొస్తే మొలిచినట్టు లెక్క. మొలక శాతం వరుసగా 96, 94, 84. ద్రావణానికీ మొలకెత్తడానికీ సంబంధం కనిపించింది, χ²(2, N = 575) = 19.78, p < .001, క్రామర్ V = .19. ఆశించిన సంఖ్యల్లో అతి చిన్నది 14.6 కాబట్టి పరీక్ష షరతుకు ఇబ్బంది లేదు. ఈ ఫలితానికి కారణం దాదాపుగా 20 శాతం గుంపే: అక్కడ మొలవని గింజలు 28, ఆశించినవి 14.6, సవరించిన అవశేషం 4.39. 0, 10 శాతాలను విడిగా పోలిస్తే తేడా 2 శాతం పాయింట్లు, 95% CI [−2.3, 6.3], యేట్స్ సవరణ లేకుండా χ²(1, N = 400) = 0.84, p = .36, φ = .05.

వేరు పొడవుకూ మొలక శాతానికీ రెండుచోట్లా p < .001 అనే ఉంది. కానీ η² = .88కీ V = .19కీ పొంతన లేదు. రెండూ ఒకే కొలబద్ద కాకపోయినా, ఈ పాళ్లలో ఉప్పు గింజను మొలవనీయకుండా ఆపింది కొంతే, మొలిచిన వేరును ఎదగనీయకుండా ఆపింది ఎక్కువ అని చెప్పడానికి పట్టిక 1 చాలు.

3.1లో చెప్పిన అభ్యంతరం χ²కూ వర్తిస్తుంది, ఎందుకంటే ఆ పరీక్ష ఒక్కో గింజను స్వతంత్రంగా లెక్కిస్తుంది. డిష్‌కు మొలవని గింజల సంఖ్యను తీసుకుని అనోవా చేసినా అదే దిశలో వచ్చింది, F(2, 20) = 18.91, p < .001, η² = .65. డిష్‌ల మధ్య వేరియన్స్ (0.57, 0.86, 1.67) ద్విపద పంపిణీ ప్రకారం రావాల్సిన 0.96, 1.41, 3.36 కన్నా తక్కువే. కాబట్టి డిష్ ప్రభావం వల్ల χ² ఉబ్బిందన్న అనుమానానికి ఆధారం లేదు.

3.5 ఇంక్యుబేటర్ అరలు

0 శాతం డిష్‌లలో నాలుగు పై అరలో, నాలుగు కింది అరలో ఉన్నాయి. పై అర సగటు 39.18, కింది అర సగటు 40.53 మి.మీ.; తేడా 1.35, 95% CI [−2.57, 5.27], t(6) = 0.84, p = .43, d = 0.60. గణనీయమైన తేడా కనబడలేదు. అయితే అరల ప్రభావం లేదని దీన్నిబట్టి రాయలేం: అరకు నాలుగు డిష్‌లతో ఇంటర్వెల్ ఎంత వెడల్పుగా ఉందంటే, 10 శాతం ఉప్పునీటి వల్ల పోయిన 4 మి.మీ. అంతటి తేడా కూడా అందులో ఇమిడిపోతుంది. మూడు ద్రావణాల డిష్‌లనూ చీటీలు తీసి రెండు అరలకూ పంచాం కాబట్టి, అరల మధ్య తేడా నిజంగా ఉన్నా అది ఒకే ద్రావణం పక్షాన చేరే అవకాశం తక్కువ.