జనవరి 5 మీటింగ్ మినిట్స్: డిసెంబర్ జీఎస్టీఆర్-1 అప్‌డేట్

2026 జనవరి 5, సోమవారం, మధ్యాహ్నం 3:00 – 4:10
వచ్చినవాళ్లు: ప్రసాద్ గారు, కిరణ్, దివ్య, సుజాత (మినిట్స్)
రానివాళ్లు: లావణ్య (సెలవు), ఇమ్రాన్ (గుంటూరులో ట్రైనింగ్)

లావణ్యా, ఇమ్రాన్, గ్రూపులో పడ్డ 140 మెసేజ్‌లు మీరు చదవక్కర్లేదు. అందులో సగం టీ గురించే.

సమస్య
మన సాఫ్ట్‌వేర్ తయారుచేసే జీఎస్టీఆర్-1 ఫైల్‌లో, మెడికల్ షాపులో కస్టమర్ వెనక్కిచ్చిన మందుల విలువ టేబుల్ 7లో తగ్గుతోంది, టేబుల్ 12 (హెచ్ఎస్ఎన్)లో తగ్గడం లేదు. దాంతో రెండు మొత్తాలూ కలవడం లేదు. పోయిన వారం మూడు షాపుల ఆడిటర్లు ఫోన్ చేశారు.

నిర్ణయాలు
అప్‌డేట్ 8వ తేదీ గురువారం రాత్రి 10:30కి, షాపులు మూశాక వెళ్తుంది. టెస్టింగ్‌కి ఇంకో రోజు కావాలి, శుక్రవారం పెడదామని కిరణ్ అడిగాడు. కానీ గడువు 11, అది ఆదివారం. ఆడిటర్లు శుక్ర, శనివారాల్లోనే ఫైల్ చేసేస్తారని ప్రసాద్ గారు గురువారమే ఖాయం చేశారు.

ఎక్స్‌పైరీ రిపోర్ట్ స్క్రీన్ ఈ అప్‌డేట్‌లో ఉండదు. సంక్రాంతి తర్వాత, 19న మళ్లీ మొదలు. లావణ్యా, అప్పటిదాకా దాన్ని పక్కన పెట్టెయ్.

తేలనిది
ఏడాది మెయింటెనెన్స్ ఛార్జీ పెంపు. చాట్‌లో మూడు థంబ్స్ అప్ కనిపిస్తాయి, అవి ఒప్పుకున్నట్టు కాదు. ఎవరూ షాపులకి ఏమీ చెప్పొద్దు.

పనులు
- కిరణ్: కోడ్ మార్పు, 6 మంగళవారం సాయంత్రం 6లోపు. (చాట్‌లో "రేపు" అనే ఉంది. అడిగి రాశాను.)
- దివ్య: ఆ మూడు షాపుల డిసెంబర్ డేటాతో రెండు టేబుళ్లూ సరిచూడటం, 7 బుధవారం రాత్రికి. ఇప్పటికే ఫైల్ చేసేసిన షాపుల లిస్టు మాత్రం రేపు మధ్యాహ్నానికే ఇమ్రాన్‌కి.
- ఇమ్రాన్: లిస్టులోని షాపులకి 7, 8 తేదీల్లో ఫోన్లు. ఫైల్ చేసిన రిటర్న్‌ని వెనక్కి తీసుకోలేరు. నెలవారీ ఫైల్ చేసేవాళ్లు జీఎస్టీఆర్-1ఏలో సరిచేసుకోవచ్చు, అదీ డిసెంబర్ 3బీ వేయకముందే. 3బీ గడువు 20. "తర్వాత చూద్దాంలే" అనే షాపు ఉంటే ఆడిటర్ నంబర్ తీసుకుని నేరుగా మాట్లాడు.
- లావణ్య: షాపులకి పంపే తెలుగు వాట్సాప్ మెసేజ్, 8 మధ్యాహ్నం 12లోపు. అప్‌డేట్ అయ్యాక పాత ఫైల్ తీసేసి కొత్తది తయారు చేసుకోవాలన్న మాట మొదటి లైన్‌లోనే ఉండాలి.
- సుజాత: 9, 10 తేదీల్లో సపోర్ట్ ఫోన్ దగ్గర ఎవరు ఎప్పుడో, రేపటికి.

14 నుంచి 16 వరకు పండగ సెలవులు. ఫోన్ మాత్రం ప్రసాద్ గారి దగ్గర ఉంటుంది, ఆయనే అడిగి తీసుకున్నారు.

తర్వాతి మీటింగ్ 9 శుక్రవారం ఉదయం 10కి. మీ ఇద్దరి పనుల్లో తేదీలు కుదరకపోతే రేపు మధ్యాహ్నం 12లోపు నాకు ఫోన్ చేయండి, గ్రూపులో పెట్టొద్దు, మళ్లీ టీ మెసేజ్‌ల కింద పడిపోతుంది.

సుజాత